ఇంటిగ్రేటర్‌ని ఏళ్ల తరబడి వాడాక: నా గొడవంతా డ్రిఫ్ట్‌తోనే

ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి కలిపేసినా అవుట్‌పుట్ తనంతట తాను పాకుతూ పోయి సప్లై అంచుకి అతుక్కుపోతుంది. ఆప్‌-ఆంప్ ఇంటిగ్రేటర్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే.

నా బోర్డు మీద 741 ఆప్‌-ఆంప్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయి. అంటే టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను. సప్లై ప్లస్, మైనస్ 15 వోల్టులు. ప్లస్ 1, మైనస్ 1 వోల్టు మధ్య ఊగే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తే అర వోల్టు పీక్-టు-పీక్ ట్రయాంగిల్ రావాలి. వచ్చింది కూడా, చాలా అందంగా. కానీ స్కోప్ మీద అది మెల్లగా పైకి జరిగి, కొన్ని సెకన్లలోనే కొనలు తెగి, చివరికి అడ్డగీతైపోయింది.

లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్‌ని 1 మిల్లీసెకనుతో భాగిస్తే సెకనుకి 2 వోల్టుల డ్రిఫ్ట్. 741 బయాస్ కరెంట్ సుమారు 80 నానోఆంపియర్లు, దాని వల్ల సెకనుకి ఇంకో 0.8 వోల్టు. బయాస్ వాటా తీసేద్దామని టీఎల్072 పెట్టాను. దాని బయాస్ పికోఆంపియర్లలోనే ఉంటుంది, కానీ ఆఫ్‌సెట్ 741 కంటే తక్కువేం కాదు. డ్రిఫ్ట్ ఆగలేదు. ఇన్‌పుట్ రెసిస్టర్‌ని 1 మెగాఓమ్‌కి పెంచినప్పుడే ఆ చిప్ విలువ తెలిసింది. రెసిస్టర్ పెరిగితే ఆఫ్‌సెట్ వల్ల వచ్చే డ్రిఫ్ట్ తగ్గుతుంది. బయాస్ డ్రిఫ్ట్ కెపాసిటర్ మీదే ఆధారపడుతుంది కాబట్టి 741లో అది అలాగే ఉండిపోతుంది.

10 కిలోఓమ్‌ల సర్క్యూట్‌ని నిలబెట్టింది మాత్రం కెపాసిటర్‌కి సమాంతరంగా పెట్టిన 100 కిలోఓమ్‌ల రెసిస్టర్. డీసీ గెయిన్ 10కి పరిమితమైంది, 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ అవుట్‌పుట్‌లో 22 మిల్లీవోల్టులే అయింది. ట్రయాంగిల్ గంటల తరబడి కదల్లేదు. ఆ రోజు నిజంగా సంతోషమేసింది!

అయితే ఆ రెసిస్టర్‌ని ఇదివరకు అందరికీ కళ్లు మూసుకుని సిఫార్సు చేసేవాణ్ని, ఇప్పుడు చెయ్యను. దానితో సుమారు 16 హెర్ట్జ్ కింద ఈ సర్క్యూట్ ఇంటిగ్రేట్ చెయ్యడం మానేస్తుంది. 20 హెర్ట్జ్ స్క్వేర్ ఇస్తే ట్రయాంగిల్ అంచులు స్పష్టంగా వంగిపోయాయి. ఆ 100 కిలోఓమ్‌ల బదులు 1 మెగాఓమ్ పెడితే అంచులు తిన్నగా అవుతాయి, కానీ 2 మిల్లీవోల్టులు కాస్తా 200 దాటతాయి. జనరేటర్ నుంచి వచ్చే చిన్న డీసీ కూడా 100 రెట్లవుతుంది.

డిఫరెన్షియేటర్‌ది ఎదురు బాధ. డ్రిఫ్ట్ లేదు, కానీ ట్రయాంగిల్ ఇస్తే వచ్చే స్క్వేర్ వేవ్ ప్రతి మలుపులోనూ రింగింగ్, పైన గడ్డిలా నాయిస్. ఇన్‌పుట్ కెపాసిటర్‌కి సిరీస్‌లో 1 కిలోఓమ్ పెడితే చాలావరకు సర్దుకుంది, అంచుల పదును కాస్త తగ్గింది.

నేను ఎక్కువగా వందల హెర్ట్జ్ పైనే పని చేస్తాను కాబట్టి నాకు 100 కిలోఓమ్‌ల ఇంటిగ్రేటర్ చాలు. నిమిషాల తరబడి ఇంటిగ్రేట్ చెయ్యాల్సిన వాళ్లయితే తక్కువ ఆఫ్‌సెట్ చిప్, కెపాసిటర్‌ని రీసెట్ చేసే స్విచ్ లేకుండా దీన్ని తీసుకోవద్దు.