ఏడాదిన్నర వాడాక విండోస్‌లోని TdrDelay గురించి నా అభిప్రాయం

కర్నూలులో వాడేసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని అనంతపురంలోని మా ఇంటి కంప్యూటర్‌లో పెట్టి ఏడాదిన్నర దాటింది. మొదటి నెలలోనే ఇబ్బంది మొదలైంది. ఆట మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది, తెర నల్లబడేది, కాసేపటికి డెస్క్‌టాప్ తిరిగి వచ్చేది. ఆట మాత్రం మూసుకుపోయేది. ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ Display పేరిట 4101 నంబరుతో ఒకే నమోదు కనిపించేది: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుంది అని.

అక్కడ నిజంగా జరిగేది ఇది. కార్డు చేస్తున్న పనిని ఆపి మరో పనికి చోటివ్వమని విండోస్ అడుగుతుంది. రెండు సెకన్లలోగా ఆ పని పూర్తి కాకపోయినా, ఆగకపోయినా కార్డు బిగుసుకుపోయిందని తేల్చి, డ్రైవర్‌ను, కార్డును తిరిగి మొదలుపెడుతుంది. విస్టా కాలం నుంచి ఈ ఏర్పాటు ఉంది. కార్డు జ్ఞాపకంలో ఆట దాచుకున్నదంతా ఆ క్షణంలో పోతుంది. డెస్క్‌టాప్ తనను తాను మళ్లీ గీసుకోగలదు, చాలా ఆటలు గీసుకోలేవు. అందుకే తెర బతుకుతుంది, ఆట పోతుంది.

ఆ రెండు సెకన్ల గడువే TdrDelay. మామూలుగా ఈ విలువ విండోస్ అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో కనిపించదు, మనమే చేర్చాలి. దాన్ని పెంచితే సమస్య తీరుతుందని చాలామంది చెబుతారు. నేనూ నమ్మి, రిజిస్ట్రీ ఎడిటర్‌లో దాన్ని చేర్చి, విలువ రాసే పెట్టెలో 10 అని టైపు చేసి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాను. ఆట ఆగినప్పుడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే పదహారు సెకన్లు దాటాకే తెర నల్లబడింది. పది ఎందుకు కాలేదని రిజిస్ట్రీ తెరిస్తే 0x00000010 (16) అని ఉంది. ఆ పెట్టెలో అంకెను హెక్సాడెసిమల్‌గానే తీసుకుంటుంది, డెసిమల్ ఎంచుకోవడం మన పని. ఇదే పొరపాటుతో 60 రాస్తే 96 సెకన్లు అవుతుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా రాస్తే ఆ తికమక ఉండదు:

```
reg add "HKLM\SYSTEM\CurrentControlSet\Control\GraphicsDrivers" /v TdrDelay /t REG_DWORD /d 10 /f
```

సరిగ్గా పది పెట్టాక బొమ్మ పది సెకన్లు బిగుసుకుని, తర్వాత అదే నల్లతెర, అదే 4101. ఆట ఒక్కసారి కూడా తేరుకోలేదు. నాకు అసలు విషయం అప్పుడే అర్థమైంది. గడువు ఎంత పెంచితే బిగుసుకున్న సమయం అంతే పెరుగుతోందంటే, కార్డు నెమ్మదిగా పనిచేస్తున్నట్టు కాదు, అసలు పనిచేయనట్టు. ఆగిపోయిన కార్డుకు రెండు సెకన్లిచ్చినా, ఇరవై ఇచ్చినా ఒకటే.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం మా మేనల్లుడిది. వాడు తన కంప్యూటర్‌లో పొగ, మేఘాలు ఉన్న దృశ్యాన్ని బ్లెండర్‌లో రెండర్ చేస్తుంటే ఇదే 4101 వచ్చింది. "కార్డు పాడైందా మామా?" అని కంగారుపడ్డాడు. అక్కడా పది పెట్టి చూశాం. తెర మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉండి, తర్వాత రెండరింగ్ దానంతట అదే ముందుకు సాగింది. 4101 రాలేదు. ఆ కార్డు చచ్చిపోలేదు, మధ్యలో ఆపలేని ఒక పెద్ద లెక్కలో మునిగి ఉంది. TdrDelay నిజంగా ఉపయోగపడేది ఇలాంటి చోటే. ఆటలో అయితే ఒక ఫ్రేము సెకనులో చిన్న భాగంలోనే పూర్తి కావాలి. దానికి రెండు సెకన్లు చాలలేదంటే లోపం గడువులో లేదు.

నా కార్డులో లోపం క్లాక్ వేగంలో దొరికింది. తయారీదారే దాన్ని మామూలు కంటే ఎక్కువ వేగానికి పెట్టి అమ్మాడు. డిసెంబరులో వారాల తరబడి ఏమీ కాకపోవడంతో బాగైందనుకున్నాను. మార్చిలో మా ఊరి ఎండలు మొదలవగానే తిరిగొచ్చింది. వేడెక్కిన చిప్పు అదే వేగాన్ని అదే వోల్టేజి దగ్గర నిలుపుకోలేకపోతుంది. కోర్ క్లాక్‌ను 60 మెగాహెర్ట్జ్ తగ్గించి, ప్రతిసారీ ఆగిపోయే అదే సన్నివేశాన్ని మే నెల మధ్యాహ్నాల్లో వారం రోజులు ఆడాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సెకనుకు తొంభై ఫ్రేముల్లో రెండు మూడు తగ్గాయి, అంతే.

రిజిస్ట్రీలో అక్కడే TdrLevel అనే మరో విలువను 0 చేసి ఈ పర్యవేక్షణనే ఆపేయమనేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అప్పుడు కార్డు బిగుసుకుంటే దాన్ని తిరిగి లేపేవారే ఉండరు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడమే మిగులుతుంది, సేవ్ చేయని పనంతా పోతుంది.

ఇప్పుడు నా కంప్యూటర్‌లో TdrDelay ను తొలగించాను, గడువు మళ్లీ రెండు సెకన్లే. మేనల్లుడి కంప్యూటర్‌లో మాత్రం పది అలాగే ఉంచాం.