యాంటిక్, వింటేజ్, సెకండ్ హ్యాండ్, ప్రీ ఓన్డ్: ఎనిమిదేళ్ళు వాడి చూశాక

ఎనిమిదేళ్ళుగా పాత చేతి గడియారాలు కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. ఎక్కువగా కీ ఇచ్చే హెచ్‌ఎంటీలు. ఇన్నేళ్ళలో నేను గడియారాల కన్నా ఎక్కువగా వాడింది వాటి పేర్ల ముందు తగిలించే నాలుగు మాటల్ని. వెతకడానికి అవే, మోసపోవడానికీ అవే. ఏ మాట ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను.

ముందు యాంటిక్. నా అనుభవంలో నాలుగింట్లో ఇదే నాసిరకం. బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది 1961లో. మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఒక వస్తువుని పురావస్తువు అనాలంటే కనీసం వందేళ్ళు నిండాలి, రాతప్రతులకైతే 75. ఆ లెక్కన మొట్టమొదటి హెచ్‌ఎంటీకి కూడా ఆ హోదా 2061కి గానీ రాదు. అయినా రోజూ ఒక ‘యాంటిక్ హెచ్‌ఎంటీ’ కనబడుతూనే ఉంటుంది.

ఆ చట్టంలోనే ఇంకో సంగతి ఉంది. నిజమైన పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. న్యూజెర్సీలో ఉండే మా బాబాయి కూతురు ఒకసారి ఇత్తడి మరచెంబు ఫొటో పంపి, “అన్నయ్యా, యాంటిక్ అట, ఏ దేశానికైనా పంపిస్తారట, తీసుకోనా?” అని అడిగింది. ఆ రెండు మాటలూ ఒకేచోట ఉన్నాయంటే ఒకటి అబద్ధమై ఉండాలి, లేదా అమ్మేవాడు చట్టం తప్పుతూ ఉండాలి. ఫొటో పెద్దది చేసి చూస్తే సంగతి తేలిపోయింది. చెంబు అంతటా నలుపు ఒకేలా పట్టి ఉంది. వాడిన చెంబు అలా ఉండదు. చెయ్యి పడేచోట నున్నగా మెరుస్తుంది, మర సందుల్లోనూ మెడ కిందా మాత్రం నలుపు మిగిలిపోతుంది. మా అమ్మమ్మ మరచెంబుకి మర ఎంత అరిగిందంటే, మూత ఒక పక్క నొక్కి తిప్పితే తప్ప పట్టదు. ఫొటోలో ఉన్నదాని మర కొత్త నట్టులా పదునుగా ఉంది. వద్దన్నాను.

నిజానికి తెలుగువాళ్ళకి యాంటిక్ అంటే పాతది అనే అర్థం ఎప్పుడో పోయింది. బంగారం కొట్టుకెళ్ళి యాంటిక్ హారం చూపించమంటే నిన్న చేసిన కొత్త హారమే చూపిస్తారు, కాకపోతే మెరుపు తగ్గించి. అక్కడ అది రంగు పేరు, కొనేవాళ్ళకీ తెలుసు కాబట్టి గొడవ లేదు. అదే మాట పాత సామాన్ల దగ్గర రాస్తేనే వయసని నమ్ముతాం.

వింటేజ్ కథ వేరు. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఎట్సీలాంటి ఆన్‌లైన్ అంగడిలో ఇరవై ఏళ్ళు దాటిన వస్తువుకే ఆ మాట వాడాలని నియమం ఉంది. మాట పుట్టింది ద్రాక్ష సారాయి దగ్గర, ఫలానా ఏడాది పంట అని చెప్పడానికి. అంటే దాని పక్కన ఏడాదో దశాబ్దమో ఉండాలి. లేకపోతే ఊరు రాయని చిరునామాలాంటిది. నాకు ఈ బుద్ధి వచ్చేలోపు 1,850 రూపాయలు ఖర్చయ్యాయి.

కొత్తలో ‘వింటేజ్ హెచ్‌ఎంటీ పైలట్, 17 జ్యూయెల్స్, అద్భుతమైన కండిషన్’ అని చూసి ఆగలేకపోయాను. నల్ల డయల్ నిగనిగలాడుతోంది. తెప్పించుకుని నాలుగు నెలలు పెట్టుకున్నాను. రోజుకి ఏడెనిమిది నిమిషాలు వెనకబడుతుంటే సుల్తాన్ బజార్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కంటికి అద్దం తగిలించుకుని ఒక్క క్షణం చూసి, “డయల్‌కి రంగేశారు బాబూ” అన్నారు. ఆ అద్దం నాకిచ్చి చూడమన్నారు. నిమిషాల గీతల్లో కొన్ని లావు, కొన్ని సన్నం. మూడు దగ్గర గీత అంకెకి ఎదురుగా లేదు, కాస్త పక్కకి జరిగింది. అక్షరాల అంచులు సిరా పీల్చుకున్న కాగితం మీద రాసినట్టు చెదిరి ఉన్నాయి. తర్వాత మిషన్ బయటికి తీసి డయల్ అంచు చూపించారు. ఒరలో దాగి ఉండే ఆ సన్నని చుట్టులో నలుపు సరిగ్గా పట్టలేదు, కింద తెలుపు కనబడుతోంది. అంటే ఏదో వేరే మోడల్ తెల్ల డయల్ మీద పైలట్ వేషం వేశారు. వెనక మూత ఇంకో వాచీది. లోపలి మిషన్ మాత్రం అసలైన హెచ్‌ఎంటీయే.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం, అమ్మినతను రాసిన మాట తప్పు కాకపోవడం. భాగాలన్నీ ఇరవై ఏళ్ళు దాటినవే కావచ్చు. నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒకటి చేసినా ప్రతి ముక్కా వింటేజే. ఆ మాట వయసు చెబుతుంది, ఆ ముక్కలు మొదటినుంచీ కలిసి బతికాయో లేదో చెప్పదు. అది చెప్పే మాటలు వేరే ఉన్నాయి: ఒరిజినల్ డయల్, మళ్ళీ రంగేసినదైతే రీడయల్, పార్టులు మార్చినది. వాటిలో ఒక్కటీ లేకుండా వింటేజ్ అని మాత్రమే ఉంటే ఇప్పుడు నేను డయల్‌ని పక్కవాటు వెలుతురులో తీసిన ఫొటో, మూత తెరిచిన ఫొటో అడుగుతాను. సగం మంది ఆ తర్వాత జవాబివ్వరు. ఇస్తే పూర్తి వివరాలే ఇస్తారు.

సెకండ్ హ్యాండ్, ప్రీ ఓన్డ్ రెండూ ఒకటే, రెండోది ఇస్త్రీ చొక్కా వేసుకుంది, అంతే. రెండూ ఇంతకుముందు ఎవరిదో అని చెబుతాయి. ఎంతమందిది అని చెప్పవు. కారైతే ఆర్సీలో ఎన్నో ఓనరో రాసి ఉంటుంది, వాచీకి ఆర్సీ లేదు. సెకండ్ హ్యాండ్ అన్నంత మాత్రాన మనం రెండో చెయ్యి అనుకోవడం మన అమాయకత్వం. అయినా నాలుగింట్లో నాకు ఎక్కువ నచ్చింది ఈ మాటే. ధర పెంచడానికి పనికిరాదు కాబట్టి దాన్ని అబద్ధానికి వాడేవాళ్ళు తక్కువ. నా దగ్గరున్న మంచి హెచ్‌ఎంటీ జనతా ‘సెకండ్ హ్యాండ్ కీ వాచీ, నడుస్తుంది’ అన్న ఒక్క లైన్ చూసి 600కి కొన్నదే.

అమ్మేవైపు నుంచి కూడా ఒకటి చెప్పుకోవాలి. పోయినేడు ఒక వాచీని ‘వాడిన హెచ్‌ఎంటీ’ అని పెట్టాను. కింద వివరంగా రాశాను: 1980ల నాటిది, డయల్ ఒరిజినల్, ఆరు దగ్గర చిన్న తేమ మచ్చ ఉంది, అద్దమూ కీ తిప్పే గుండీ మార్చాం, రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతుంది. పదకొండు రోజులు ఒక్క ఫోను రాలేదు. పన్నెండో రోజు ‘వాడిన’ తీసేసి ‘వింటేజ్’ అని పెట్టాను, మిగతా ఒక్క అక్షరం మార్చలేదు. సాయంత్రానికి ముగ్గురు. అందులో ఒకతను ధర కాదు, మొదట అడిగింది ఇదీ: “సార్, యాంటికేనా?”

కాదన్నాను. తేమ మచ్చ దగ్గరనుంచి తీసిన ఫొటో పంపాను. మళ్ళీ ఫోను చేయలేదు. రెండో అతను మాత్రం ఆ మచ్చ చూసే కొన్నాడు, రంగు వేస్తే మచ్చ మిగలదు కదా అన్నాడు.