"ఆపరేషన్ చేయిస్తే అన్నీ మానేస్తాడు" అంటూ మగకుక్కను అమ్మేవాళ్లతో జాగ్రత్త

నాలుగేళ్ల మగకుక్కను కొని ఎనిమిది నెలలైంది. కుక్క బంగారం. అమ్మినాయన మాటే ఇత్తడి. పెద్ద వయసు మగకుక్కను కొనబోయేవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు వాడి నడుముకు మెత్తటి గుడ్డపట్టీ చుట్టి ఉంది. ఏంటని అడిగితే "చలికండీ" అన్నాడాయన. చలికి కట్టేదైతే వీపంతా కప్పాలి కదా, సరిగ్గా మూత్రం వచ్చే చోటే ఎందుకుందని నాకు తట్టలేదు. గేటు కింద కాళ్లతో తవ్విన గుంట కూడా కనిపించింది, పట్టించుకోలేదు. "కాస్త మీదెక్కుతాడు, అక్కడక్కడా పోస్తాడు, ఎప్పుడైనా బయటికి పోతాడు. అంతా వయసు పొగరు. వృషణాలు తీసే ఆపరేషన్ చేయించండి, పది రోజుల్లో అన్నీ బంద్. లేకపోతే నేనే వెనక్కి తీసుకుంటా" అన్నాడు. కాగితం మీద రాయించుకోకపోవడం నా తప్పే.

మొదటి రాత్రే సోఫా మూల, కర్టెన్ అంచు, గోడకు ఆనించిన నా బ్యాగు, మూడూ తడిశాయి. ఆపుకోలేక పోసే కుక్క నేల మీద మడుగు చేస్తుంది. వీడు వాసన చూసి, కాలెత్తి, నిలువుగా ఉన్నదాని మీద రెండు మూడు చెంచాలంత చిమ్మి వెళ్లిపోతాడు. "ఇది నా చోటు, నేనిక్కడున్నాను" అని మిగతా కుక్కలకు వదిలే కబురన్నమాట. వెట్ ముందు మూత్రం టెస్టు చేయించారు. ఇన్ఫెక్షన్ ఉంటే ఎన్ని ఆపరేషన్లు చేయించినా తగ్గదు కాబట్టి. అది లేదని తేలాక ఆపరేషన్ చేశారు.

పది రోజుల్లో ఏమీ మారలేదు. వృషణాలు తీసిన కొద్ది రోజులకే రక్తంలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది, కానీ అలవాటు తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందట. మా వాడిలో ముందు తగ్గింది పారిపోవడం. ఎదకు వచ్చిన ఆడకుక్క వాసన తగిలితే గేటు తవ్వేవాడు, రెండు నెలలకల్లా అది దాదాపు ఆగింది. ఆ తిరుగుడంతా ఆడకుక్క కోసమే కాబట్టి హార్మోన్ పోగానే పోయింది. విసుగుతోనో, టపాకాయల భయంతోనో పారిపోయే కుక్క అయితే ఆపరేషన్‌తో మారదు.

మీదెక్కడం సగమే తగ్గింది. వేరే కుక్కల జోలికి పోవడం లేదు గానీ, బెల్ మోగి చుట్టాలొస్తే వాళ్ల కాలు పట్టుకుంటాడు. అది కామం కాదు, ఆనందమో టెన్షనో పట్టలేకపోవడం. ఆడకుక్కలూ, చిన్న కుక్కపిల్లలూ కూడా అలా చేస్తాయి. ఇప్పుడు బెల్ మోగగానే చాప మీద కూర్చోబెట్టి తినడానికేదైనా ఇస్తున్నాం. ఆపరేషన్ కంటే ఇదే ఎక్కువ పని చేసింది.

ఇంట్లో కాలెత్తడమే మొండిగా మిగిలింది. కాలెత్తాలనే గుణం పుట్టుక నాటికే మగకుక్క మెదడులో పడిపోతుంది, హార్మోన్ దాన్ని పెంచుతుందంతే. పైగా పాత వాసన ఉన్నచోటే మళ్లీ పోస్తాడు. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో తుడిచి నేను ఇంకా చెడగొట్టాను, దాని వాసన మూత్రంలాగే ఉంటుంది. ఎంజైమ్ క్లీనర్‌కు మారాకే సోఫా మూలను వదిలాడు.

1997లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు 57 పెద్ద మగకుక్కల మీద చేసిన పరిశీలన గురించి వెట్ చెప్పారు. ఈ మూడు అలవాట్లలోనూ 60 శాతం లేదా అంతకు మించిన కుక్కల్లో కనీసం సగం మెరుగు కనిపించింది. దాదాపు పూర్తిగా మానేసినవి మాత్రం 25 నుంచి 40 శాతమే. వయసు మీరిందనో, అలవాటు పాతదనో ఫలితం మారలేదట. అంటే చేయించడం దండగ కాదు, గ్యారంటీ అన్నదే అబద్ధం.

ఫోన్ చేస్తే అమ్మినాయన "మీరే సరిగ్గా పెంచట్లేదు" అని పెట్టేశాడు.

కొనే ముందు నడుం పట్టీ విప్పించి, గంటసేపు ఇంటి లోపల వదిలి చూడండి. ఆపరేషన్ అయిపోయిందని అంటే వెట్ ఇచ్చిన కాగితం అడగండి, ఎందుకంటే ఒక వృషణం పొట్టలోనే ఉండిపోయినా బయటికి ఏమీ లేనట్టే కనిపించవచ్చు, హార్మోన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అనుమానముంటే వెట్ రక్తపరీక్షతో తేలుస్తారు. ఆపరేషన్‌తో మీ కుక్క ఎంత మారుతుందో ముందే చూడాలంటే, చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ ఇంప్లాంట్ గురించి అడగండి. కొన్ని నెలల పాటు హార్మోన్‌ను ఆపుతుంది, అయితే మొదటి రెండు వారాల్లో ఆ చేష్టలు కాస్త పెరగొచ్చు, కంగారుపడకండి.

మా వాడు ఇప్పటికీ కొత్త బ్యాగు కనిపిస్తే ఆగడు. అందుకే చుట్టాలొచ్చిన రోజు నేనూ వాడి నడుముకు పట్టీ కడుతున్నాను. ఎందుకని అడిగినవాళ్లకు చలికని మాత్రం చెప్పడం లేదు.