పాలిచ్చే తల్లి బరువు తగ్గాలంటే ఏది మేలు: తిండి తగ్గించడమా, నడకా?

బెంగళూరులో నా దగ్గరికి ఆహార సలహా కోసం వచ్చే తెలుగు తల్లులలో చాలామంది బిడ్డకు ఏడెనిమిది నెలలు వచ్చాక వస్తారు. ఇరవై ఆరు వారాల సెలవు అయిపోయి ఆఫీసుకు బయలుదేరే వేళ పాత బట్టలు పట్టవు. అందరూ అడిగేది ఒకటే: తిండి తగ్గించమంటారా, నడవమంటారా?

నేను ముందుగా అడిగేది బరువు కాదు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు తల్లిపాలు తాగుతున్నాడని అడుగుతాను. నా దృష్టిలో అసలు విషయం తేలేది అక్కడే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, ఆ తర్వాత ఏడాది నిండేదాకా 520 కేలరీలు అదనంగా కావాలని మన భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. అయితే ఇవి సగటు లెక్కలు. బిడ్డ గుజ్జన్నం తినడం మొదలుపెట్టి, తల్లి పగలంతా ఆఫీసులో ఉంటే పాలు తగ్గుతాయి, వాటికయ్యే ఖర్చూ తగ్గుతుంది. బాలింత తిండి మాత్రం అలాగే కొనసాగుతుంది. చాలామందికి బరువు కదలకపోవడానికి కారణం ఇదే.

ఈమధ్య మారతహళ్ళి నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చూడండి. బాబుకు ఎనిమిది నెలలు. పగలు గుజ్జన్నం, డబ్బా పాలు. తల్లిపాలు సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, రాత్రి ఒకటి రెండుసార్లు. రోజుకు 400 మిల్లీలీటర్లు అనుకుంటే, ఆ పాలలోని శక్తి, వాటిని తయారుచేయడానికి ఒంటికి అయ్యే ఖర్చు కలిపి దాదాపు 350 కేలరీలు. ఆవిడ మాత్రం పుట్టింటివాళ్ళు పంపిన సున్నుండలు రోజుకు రెండు, అన్నంలో అదనంగా రెండు చెంచాల నెయ్యి, సాయంత్రం చక్కెర వేసిన పాలు మానలేదు. అన్నీ కలిపితే 500 దాటాయి. ఇది తెలియక రాత్రి భోజనం మానేశారు. అర్ధరాత్రి బాబుకు పాలిచ్చాక ఆకలికి ఆగలేక బిస్కట్లు తినేవారు.

రాత్రి భోజనం తిరిగి మొదలుపెట్టమన్నాను. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించవద్దన్నాను. సున్నుండలు రెండూ, నెయ్యిలో ఒక చెంచా తీసేస్తే దాదాపు 300 కేలరీలు తగ్గాయి. చెరువు గట్టున నలభై నిమిషాల నడకకు మరో వంద. అంటే రోజుకు 400. నెలకు కిలో నుంచి కిలోన్నర దాకా దిగుతుంది. పాలిచ్చేటప్పుడు వారానికి అరకిలోకు మించి తగ్గకూడదు. మొత్తం తిండి 1800 కేలరీల లోపుకు దిగకూడదు.

నడక ఒక్కటే చాలదా అంటే, కొవ్వు కరిగించడానికి చాలదు. నలభై నిమిషాలలో ఖర్చయ్యేది ఒక్క సున్నుండకు సరిపోదు. అయినా దాన్ని వదలవద్దంటాను. తిండి తగ్గించి కదలకుండా ఉంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. నడకకు తోడు గోడకు చేతులు ఆనించి చేసే వ్యాయామం, కుర్చీలో కూర్చుని లేవడం రోజు విడిచి రోజు చేస్తే కండ నిలుస్తుంది. వ్యాయామం చేస్తే పాలు విరిగిపోతాయని పెద్దవాళ్ళు భయపెడతారు కానీ, మామూలు నడకతో పాలకు ఏమీ కాదు. బిడ్డకు పాలిచ్చి బయలుదేరితే రొమ్ముల బరువు లేకుండా హాయిగా ఉంటుంది.

బిడ్డ ఇంకా రోజుకు ఏడెనిమిది సార్లు తల్లిపాలే తాగుతుంటే నా సలహా మారుతుంది. అప్పుడు భోజనం జోలికి పోకుండా మిఠాయి, చక్కెర మాత్రం తగ్గించి నడక పెంచమంటాను. తిండి మరీ తగ్గిందో లేదో బిడ్డే చెబుతాడు. నెలనెలా తూచే బరువు ఎదుగుదల గీత మీద కిందికి జారినా, మూత్రం తడి ముందుకంటే తగ్గినా, తీసేసిన తిండిలో కొంత వెనక్కి తెచ్చుకోండి.

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టేవాళ్ళు ముందు ఒకటి చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కాస్త పైకెత్తి బొడ్డు మీద వేళ్ళు పెట్టండి. మధ్యలో రెండు వేళ్ళకు మించి సందు ఉన్నా, పొట్ట గట్టులా ఉబికినా, పడుకుని లేచే పొట్ట వ్యాయామాలు వద్దు. ఫిజియోథెరపిస్టును కలవండి. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడేవాళ్ళు గెంతులుండే జిమ్ తరగతుల జోలికి పోవద్దు.

ఉపవాసాలు, కీటో, బరువు తగ్గించే పొడులు పాలిచ్చినన్నాళ్ళూ అక్కర్లేదు. ఇవన్నీ సరిగా పాటించినా ఆరు వారాలు బరువు కదలక, విపరీతమైన నీరసం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాన్పు తర్వాతి ఏడాదిలో అది అదుపు తప్పడం ఉన్నదే.