అద్దె రసీదులు, లెక్క సవరణ: ఒకే మెయిల్‌లో అడగాలా, రెండుగా రాయాలా?

అద్దెకుండేవారు రాసే మొదటి డ్రాఫ్టు దాదాపు ఇలా ఉంటుంది: "ఓనర్ గారూ, నేను ఎప్పుడూ టైముకే కడుతున్నాను. అయినా జులైలో 5,000 బాకీ అని చూపించారు. ఇది తప్పు. దయచేసి సరిచేసి, అన్ని నెలల రసీదులూ త్వరగా పంపండి." ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివినాయన ఏ వరుస తెరవాలో, ఏ అంకె మార్చాలో ఎక్కడా లేదు. పైగా వేలు తప్పు నెల మీద పెట్టారు.

ఎలాగో లెక్క వేసి చూద్దాం. అద్దె నెలకు 12,000. మార్చి 3న 7,000, మార్చి 4న 5,000, ఇలా రెండు దఫాలుగా పంపారు. ఓనర్ ఖాతాలో మొదటిది ఎక్కింది, రెండోది ఎక్కలేదు. ఏప్రిల్‌లో వచ్చిన 12,000లో ముందు 5,000 మార్చి బాకీకి పోయింది, మిగిలిన 7,000 ఏప్రిల్‌కి జమైంది. వచ్చిన డబ్బును పాత బాకీకి ముందు సర్దే లెక్కల్లో ఇదే జరుగుతుంది. అలా ప్రతి నెలా 5,000 ముందుకు జరుగుతూ జులైలో తేలింది. జులై అద్దె కట్టిన రుజువు ఎంత పంపినా ఈ బాకీ పోదు, ఎందుకంటే జులై డబ్బు వచ్చిందని ఆయనా ఒప్పుకుంటారు. చూపించాల్సింది మార్చి 4 నాటి 5,000.

ఇక ఒకటా, రెండా? రెండు మెయిళ్లుగా రాస్తే ఒక్కోటీ పొట్టిగా ఉంటుంది, నిజమే. చిక్కల్లా జవాబు వచ్చే వరుసలో ఉంది. రసీదులు ఇవ్వడం తేలికపని కాబట్టి ఆయన ముందు అదే చేస్తారు, అదీ సరిచేయని ఖాతా చూసి. అప్పుడు ఏప్రిల్ రసీదులో "మార్చి బాకీ 5,000, ఏప్రిల్ 7,000" అని వస్తుంది. తప్పు ఇప్పుడు సంతకంతో సహా మీ చేతికొచ్చినట్టు. ఆ తర్వాత ఖాతా దిద్దినా, రసీదులు మళ్లీ రాయించుకోవాలి.

అందుకే ఒకే మెయిల్ మేలు, అందులో సవరణ ముందు, రసీదులు తర్వాత. ఒక్క సందర్భంలో మాత్రం విడగొట్టడమే నయం: రసీదులు ఒకరు ఇస్తూ, ఖాతా వేరొకరు చూస్తుంటే. అప్పుడు కూడా సవరణ అయిందని జవాబు వచ్చాకే రసీదుల మెయిల్ పంపండి.

దిద్దిన మెయిల్ ఇలా ఉండొచ్చు:

"సబ్జెక్టు: మార్చి అద్దె లెక్క సవరణ, మార్చి–జులై రసీదులు

ఓనర్ గారికి నమస్కారం.

మీరు పంపిన లెక్కలో మార్చి నెలకు 7,000 మాత్రమే కనిపిస్తోంది. మార్చి 4న పంపిన 5,000 అందులో లేదు. ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ జత చేశాను, రిఫరెన్సు నంబరు దాని మీద ఉంది. ఈ మొత్తాన్ని మార్చి 4 తేదీతోనే మార్చి నెలకు జమ చేయగలరు. దాంతో జులైలో చూపిన 5,000 బాకీ పోతుంది.

సవరించాక మార్చి నుంచి జులై వరకు నెలకొక రసీదు ఇవ్వండి. ప్రతి దానిలో ఏ నెల అద్దె, డబ్బు అందిన తేదీ, మొత్తం ఉంటే చాలు. ఆగస్టు 20లోగా పంపగలరా?"

"మార్చి 4 తేదీతోనే" అన్న మాట తీసేయకండి. అది లేకపోతే ఆ 5,000ను ఈ రోజు తేదీతో జమ వేసి ఊరుకునే వీలుంది. అప్పుడు బాకీ పోతుంది గానీ, అయిదు నెలలూ ఆలస్యంగా కట్టినట్టే ఖాతాలో మిగిలిపోతుంది. రసీదులో నెల, అందిన తేదీ విడివిడిగా అడగడం కూడా ఇందుకే.

"మీరు తప్పు రాశారు" అనే కంటే "లెక్కలో ఇలా కనిపిస్తోంది" అనడం మేలు. ఇది మర్యాద కోసమే కాదు, డబ్బు చేరకుండా బ్యాంకులోనే ఆగిపోయి ఉంటే ఆ తప్పు ఆయనది కాదు. కాబట్టి మెయిల్ పంపేముందు ఆ 5,000 తిరిగి మీ ఖాతాలో పడలేదని ఒకసారి చూసుకోండి. అలాగే మంచితనానికి పోయి "బాకీ ఉంటే వెంటనే కట్టేస్తాను" అని చివర చేర్చేవాళ్లున్నారు. లెక్క మీద మీకే అనుమానం ఉన్నట్టు వినిపిస్తుంది. కొట్టేయండి.

జత చేసేటప్పుడు ఫోన్ స్క్రీన్‌షాట్ కంటే స్టేట్‌మెంటు పేజీయే నయం. స్క్రీన్‌షాట్‌లో చాలాసార్లు రిఫరెన్సు నంబరో, ఎవరి ఖాతాకు వెళ్లిందన్నదో తెగిపోతుంది. స్టేట్‌మెంటులో మిగతా ఖర్చుల వరుసలు మూసేసి, మార్చి 3, 4 వరుసలు రెండూ ఉంచండి. ఒక్క 5,000 వరుసే పంపితే, ఆ 5,000 దేనికి పంపారన్న ప్రశ్నతో మెయిల్ తిరిగొస్తుంది.