షింగిల్డ్ డిస్కా, మామూలు డిస్కా: ఏది మేలు?

హార్డ్ డిస్కులో రాసే హెడ్, చదివే హెడ్ కంటే వెడల్పుగా ఉంటుంది. మామూలు పద్ధతిలో, అంటే సీఎంఆర్‌లో, ప్రతి ట్రాక్‌కూ రాసే హెడ్‌కు సరిపడా వెడల్పు కేటాయించి, పక్క ట్రాక్ తగలకుండా కాస్త ఎడం వదులుతారు. షింగిల్డ్ పద్ధతిలో, అంటే ఎస్‌ఎంఆర్‌లో, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు ప్రతి కొత్త ట్రాక్‌నూ ముందరి ట్రాక్ అంచు మీదికి ఎక్కించి రాస్తారు. పైకి కనిపించే సన్నని పట్టీ చదివే హెడ్‌కు చాలు కాబట్టి, అదే పళ్లెం మీద దాదాపు ఐదో వంతు ఎక్కువ డేటా పడుతుంది. చదవడం వరకు రెండింటికీ పెద్ద తేడా లేదు.

తేడా అంతా తిరగరాతలోనే ఉంది. మధ్యలో ఉన్న ఒక ట్రాక్‌ను మళ్లీ రాస్తే దాని పక్కనున్నది చెరిగిపోతుంది. దాన్ని సరిచేయబోతే ఆ తరువాతిది చెరుగుతుంది. ఈ గొలుసు డిస్కు చివరిదాకా సాగకుండా ట్రాక్‌లను బ్యాండ్‌లుగా విడగొట్టి, బ్యాండ్‌కూ బ్యాండ్‌కూ మధ్య ఖాళీ వదులుతారు. బ్యాండ్ పరిమాణం 30 ఎంబీ అనుకుందాం. అందులో 4 కేబీ మార్చాలంటే 30 ఎంబీ చదివి, మార్పు కలిపి, మొత్తం తిరిగి రాయాలి. సెకనుకు 150 ఎంబీ వేగంతో చదవడానికి 0.2 సెకన్లు, రాయడానికి మరో 0.2 సెకన్లు, హెడ్ కదలికలు కలిపితే దాదాపు అర సెకను. వేర్వేరు బ్యాండ్‌లలో 10,000 చిన్న మార్పులు చేయాల్సి వస్తే, మారే డేటా 40 ఎంబీయే అయినా పని గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. మామూలు డిస్కుకు ఒక్కో మార్పుకు 12 మిల్లీసెకన్ల లెక్కన అదే పని రెండు నిమిషాలది.

మరి కొన్న మొదటి వారంలోనే ఇది బయటపడదేం? డిస్కు తన పళ్లెం మీదే కొంత భాగాన్ని మామూలు ట్రాక్‌లతో కాష్‌గా ఉంచుకుని, వచ్చిన మార్పులను ముందు అక్కడ వరుసగా రాసి, ఖాళీ దొరికినప్పుడు అసలు బ్యాండ్‌లలోకి సర్దుతుంది. రోజుకు కొన్ని ఫైళ్లు దాచుకునే మనిషికి ఆ ఖాళీ కావలసినంత దొరుకుతుంది. కాష్ నిండేదాకా రాసినా రాత ఆగకపోతే మాత్రం, సెకనుకు వంద ఎంబీ పైన నడిచిన వేగం ఒక్కసారిగా కొద్ది ఎంబీలకు పడిపోతుంది. డేటాబేస్‌లు, వర్చువల్ మెషీన్లు, విరామం లేని సీసీ కెమెరా రికార్డింగులు పెట్టేది సరిగ్గా ఇలాంటి భారమే.

కొన్ని డిస్కులను కలిపి, ఒకటి పాడైనా డేటా పోకుండా వాడే రెయిడ్‌లో ఆ విరామం అసలే దొరకదు. రెయిడ్ 5లో ఒక చిన్న మార్పుకు డేటా ఉన్న డిస్కులోనూ, పోయిన డేటాను తిరిగి లెక్కగట్టడానికి ఉంచే పారిటీ ఉన్న డిస్కులోనూ రాయాలి కాబట్టి రాత రెట్టింపవుతుంది. అసలు పరీక్ష రీబిల్డ్‌లో వస్తుంది, ఎందుకంటే పాడైన డిస్కు స్థానంలో పెట్టిన కొత్త డిస్కు ఆసాంతం నిండేదాకా రాత ఆగదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నెట్‌వర్క్ ద్వారా వాడుకునే నిల్వ పెట్టె అయిన నాస్ కోసమని అమ్ముతున్న రెడ్ డిస్కులలో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని ఆ ఏడాది ఏప్రిల్‌లో వార్తలు వచ్చాకే అంగీకరించింది. అప్పుడు సర్వ్‌దిహోమ్ అనే వెబ్‌సైట్ జరిపిన పరీక్షలో, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నడిపే రెయిడ్‌లో మామూలు డిస్కులు ఒక రోజులోపు ముగించిన రీబిల్డ్‌కు ఆ ఎస్‌ఎంఆర్ మోడళ్లలో ఒకటైన WD40EFAX తొమ్మిది రోజులు దాటి తీసుకుంది. ఒక డిస్కు నష్టాన్ని మాత్రమే ఓర్చుకునే రెయిడ్‌కు అవన్నీ రక్షణ లేని రోజులే. లినక్స్ ఎండీ రెయిడ్ మొదటి నుంచి చివరి వరకు వరుసగా రీబిల్డ్ చేస్తుంది కాబట్టి అక్కడ దెబ్బ అంత తీవ్రంగా ఉండకపోవచ్చు. కానీ ఆ సమయంలో రెయిడ్ వాడుకలో కూడా ఉంటే ఆ వరుస చెదిరిపోతుంది. పైగా సర్దుకునే పనిలో మునిగిన డిస్కు చాలాసేపు బదులివ్వకపోతే, లినక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి కనెక్షన్ రీసెట్ చేస్తుంది. ఆపై రెయిడ్ ఆ డిస్కును చెడిపోయినదిగా లెక్కగట్టి బయటపెట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి రెయిడ్‌కూ, తరచూ తిరగరాసే పనికీ సీఎంఆర్ తప్ప మరొకటి కొనకూడదని నా అభిప్రాయం. పెట్టె మీద బ్రాండు పేరు చూస్తే చాలదు, మోడల్ నంబరు చూడాలి: WD40EFRX మామూలుది, ఒక్క అక్షరం తేడాతో WD40EFAX షింగిల్డ్. చేతికొచ్చిన డిస్కును ఇలా అడగవచ్చు:

```
sudo smartctl -i /dev/sda
```

తిరిగే డిస్కు అయి ఉండి కూడా `TRIM Command: Available` అని చూపిస్తే అది దాదాపుగా ఎస్‌ఎంఆర్. ఆ వరుస లేనంత మాత్రాన సీఎంఆర్ అని మాత్రం అనుకోకూడదు. తయారీదారు స్పెసిఫికేషన్ పత్రం చూడాల్సిందే.

ఎస్‌ఎంఆర్‌కూ తగిన చోటు ఉంది. డ్రాప్‌బాక్స్ 2018 నుంచి వీటిని భారీగా వాడుతోంది. అయితే అవి ఎక్కడ ఏ వరుసలో రాయాలో సాఫ్ట్‌వేరే నిర్ణయించే రకం, దుకాణంలో మనకు దొరికే రకం కాదు. మన రకం, ఒకసారి రాసి చాలాకాలం కదపని ఫోటోలకూ, నెలకోసారి తీసే పూర్తి బ్యాకప్‌కూ ఒంటరి డిస్కుగా బాగానే పనికొస్తుంది. పెద్ద కాపీ ముగిసిన వెంటనే కరెంటు తీసేయకుండా కొంతసేపు ఊరికే ఆన్‌లో ఉంచితే, కాష్‌లో మిగిలినదాన్ని సర్దుకోవడానికి దానికి వ్యవధి దొరుకుతుంది.