భుజం మీద చెయ్యి, కాలర్ దగ్గర ట్యాగ్: పన్నెండేళ్లు క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్ వాడాక నా మాట

తిరుపతిలో స్టూడియో పనిలోకి వచ్చి పన్నెండేళ్లయింది. అప్పటి నుంచి ఫొటోషాప్‌లో నేను రోజూ ముట్టుకునేవి రెండే, క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్. మొటిమలు, మచ్చలు తీయడం గురించి కాదు ఇది రాస్తున్నది, అది ఎవరైనా చేస్తారు. భుజం మీద పక్కవాళ్ల చెయ్యి, జాకెట్టు అంచు దాటి జారిన స్ట్రాప్, కాలర్ వెనక నుంచి పైకి లేచిన ట్యాగ్, ఇలాంటివి తీసేటప్పుడు ఈ రెండూ ఎంతవరకు పనికొస్తాయో చెబుతాను.

ముందే చెప్పేస్తా, హీలింగ్ బ్రష్‌కి పేరు ఎక్కువ, ఈ పనిలో ఉపయోగం తక్కువ. మనం తీసుకున్న చోటు నుంచి అది చర్మం గరుకుదనాన్ని మాత్రమే తెస్తుంది, రంగు, వెలుగు మాత్రం పూసిన చోటు చుట్టుపక్కల నుంచి కలుపుకుంటుంది. చెంప మధ్యలో అయితే అద్భుతం. కానీ ట్యాగ్ ఎప్పుడూ చర్మానికీ బట్టకీ మధ్య అంచు మీదే ఉంటుంది కదా. మెరూన్ కుర్తీ వేసుకున్న అమ్మాయి సంబంధాల ఫొటోలో మెడ పక్కన తెల్ల ట్యాగ్ కనిపిస్తోందని దాని మీద హీలింగ్ బ్రష్ పూస్తే, బ్రష్ కాలర్‌ని తాకిన చోటల్లా మెరూన్ రంగు చర్మంలోకి పాకి, మెడ మీద కుంకుమ నీళ్లు కారినట్టు కనిపిస్తుంది. కొత్తలో నేను దాని మీదే మళ్లీ మళ్లీ పూసేవాణ్ని, పూసేకొద్దీ పాడయ్యేది.

ఇప్పుడు చేసేది వేరే. ముందు కొత్త ఖాళీ లేయర్ తీసి, టూల్ పైన Sample దగ్గర Current & Below పెట్టుకుంటా, అప్పుడు అసలు ఫొటో చెక్కుచెదరదు. పెన్ టూల్‌తో కాలర్ గీత ట్యాగ్ లేకపోతే ఎలా వెళ్లేదో అలా గీసి సెలెక్షన్ చేస్తా. మెడ వైపు సెలెక్ట్ అయి ఉండగా చర్మం క్లోన్ చేసి, Ctrl+Shift+I కొట్టి అటువైపు కాలర్ బట్ట క్లోన్ చేస్తా. క్లోన్ స్టాంప్ ఉన్నది ఉన్నట్టు దించుతుంది కాబట్టి రంగు పాకదు. చర్మం లోపల కొంచెం తేడా మిగిలితే అప్పుడు, అంచుకి దూరంగా, హీలింగ్ బ్రష్. ఇంకో మాట, అంచు మరీ కత్తితో కోసినట్టు రాకూడదు. కళ్ల మీద ఫోకస్ ఉన్న ఫొటోలో కాలర్ కొంచెం మెత్తగానే ఉంటుంది, పక్కనే ఉన్న అసలు అంచుని 200 శాతంలో చూసి, సెలెక్షన్‌కి అంతే ఫెదర్ ఇవ్వాలి. నాకు మామూలుగా ఒకటి, రెండు పిక్సెల్స్ సరిపోతుంది.

ఇదంతా పది నిమిషాల పని. అసలు కష్టం చెయ్యి.

మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ పెద్దకర్మ ఫొటోలే. మనిషి పోయాక వెతికితే విడిగా తీయించుకున్న ఫొటో ఒక్కటీ ఉండదు, ఏదో పెళ్లిలో గ్రూపులో నిలబడింది దొరుకుతుంది, భుజం మీద ఎవరిదో చెయ్యి. పోయినేడు పాకాల వైపు నుంచి ఒకతను వాళ్ల నాయన ఫొటో తెచ్చాడు, తిరుచానూరులో పెళ్లి, నాలుగు బై ఆరు సైజు ప్రింటు. "చెయ్యి మా చిన్నాయనది అన్నా, అదొక్కటి తీసేస్తే చాలు" అన్నాడు. 600 డీపీఐలో స్కాన్ చేస్తే మొత్తం 3600 బై 2400 పిక్సెల్స్ వచ్చింది, అందులో పెద్దాయన వరకు కోస్తే 1200 బై 1800. అతను 12 బై 18 అడిగాడు, 8 బై 12కి ఒప్పించాను. ఎనిమిది అంగుళాల వెడల్పుకే అంగుళానికి 150 పిక్సెల్స్ వస్తున్నాయి, అంతకంటే పెంచితే మొహమే కరిగిపోతుంది.

కుడి భుజం మీద నాలుగు వేళ్లు, చివరి వేలు కాలర్‌ని తాకుతోంది. ఆ వేళ్ల కింద చొక్కా ఎలా ఉందో ఫొటోలో ఎక్కడా లేదు, కాబట్టి క్లోన్ స్టాంప్‌కి తీసుకోవడానికి ఏమీ లేదు. ఎడమ భుజాన్ని లాస్సోతో తీసి, Ctrl+J కొట్టి, అడ్డంగా తిప్పి కుడివైపు అమర్చాను. అక్కడ మూడు తిప్పలు వచ్చాయి.

ఒకటి, వెలుగు. వీడియో లైటు ఆయనకి ఎడమ పక్కన ఉంది, ఆ భుజం తిప్పి పెడితే కుడి భుజం మీద ఇంకో లైటు పడ్డట్టుంది. ఆ లేయర్‌కి మాత్రమే కర్వ్స్ తగిలించి మధ్యలో కిందికి లాగాను. లైటుకి తెల్లబోయిన చోట బట్ట నేత అసలు లేదు, ఎంత కిందికి లాగినా బూడిదరంగు పూత లాగే ఉంది, చొక్కా చేతి దగ్గరి నుంచి నేతని క్లోన్ స్టాంప్‌తో 30 శాతం ఒపాసిటీలో తెచ్చి వేయాల్సి వచ్చింది.

రెండోది ముడతలు. ఇది ఎవరూ చెప్పరు, నాకు అర్థం కావడానికే రెండేళ్లు పట్టింది. చెయ్యి నొక్కిన చోటు నుంచి ముడతలు కాలర్ వైపు, గుండీల పట్టీ వైపు చీలి వెళ్తాయి. చెయ్యి మాత్రం తీసి ముడతలు వదిలేస్తే కనపడని మనిషెవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. వేళ్ల నీడ కూడా అంతే, వేలు అంచు దాకా తీసి ఆపితే బూడిదరంగు గీత మిగిలిపోతుంది. ఇప్పుడైతే చెయ్యి ఎంత ఉందో చూడను, దాని ప్రభావం ఎక్కడ ముగుస్తుందో చూస్తా. ఈ ఫొటోలో అది గుండీల పట్టీ దాకా వెళ్లింది.

మూడోది నా పొరపాటే. తిప్పిన ముక్కతో పాటు జేబు పై అంచు కూడా వచ్చేసింది, అటు అసలు జేబు, ఇటు నేను పుట్టించిన జేబు. ఎంతసేపు జూమ్ చేసి అంచులు చూసుకున్నానో గానీ ఇది మాత్రం నాకు కనపడలేదు. వాళ్లమ్మ చూసింది. "ఆయన ఎప్పుడూ రెండు జేబుల చొక్కా కుట్టించుకోలేదే నాయనా" అంది. సిగ్గేసింది. అప్పటి నుంచి ఇచ్చేముందు కాన్వాస్‌ని ఒకసారి అడ్డంగా తిప్పి చూస్తున్నా, అలవాటు పడిన కంటికి దొరకనివి అప్పుడు దొరుకుతాయి. పైన కర్వ్స్ లేయర్ ఒకటి వేసి గీతని బాగా ఏటవాలుగా చేస్తే క్లోన్ చేసిన మచ్చలన్నీ బయటపడతాయి, సరిచేశాక ఆ లేయర్ తీసేయడమే.

స్ట్రాప్ గురించి తక్కువే చెబుతా. పట్టీ తీయడం సులువు, ఎందుకంటే రెండు పక్కలా చర్మమే, హీలింగ్ బ్రష్ నిజంగా పనికొచ్చే చోటు ఇదే. కాకపోతే బిగుతు పట్టీ కింద భుజం మీద గాడి పడి ఉంటుంది, పట్టీ పోయాక కూడా భుజం గీతలో ఆ నొక్కు కనపడుతుంది. లిక్విఫైలో ఫార్వర్డ్ వార్ప్‌ని పెద్ద బ్రష్‌తో, మెల్లగా, కొంచెమే బయటికి తోస్తే సర్దుకుంటుంది. చిన్న బ్రష్‌తో తోస్తే గతుకులొస్తాయి. ఇవి అడగడానికి ఆడవాళ్లు మొహమాటపడతారు, నేనే అడక్కుండా తీసేసి ఇస్తా.

ఒక్క చోట మాత్రం ఈ పని ఒప్పుకోను. కొండ మీద గుండు చేయించి, ఆ చందనం కూడా ఆరకముందే పసిబిడ్డని తెచ్చి, పనిలో పనిగా పాస్‌పోర్టు ఫొటో తీయండి, పట్టుకున్న చెయ్యి తర్వాత చెరిపేయండి అంటారు. పాస్‌పోర్టు ఫొటోలో పట్టుకున్న చెయ్యి కనపడకూడదు, ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో మార్చనూ కూడదు. అందుకే తల తుడిపించి, బిడ్డని తెల్ల దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, నేను స్టూలెక్కి పైనుంచి తీస్తా, నా నీడ బిడ్డ మీద పడకుండా చూసుకుంటూ.